సేవ్ చేయని పాఠం ఎక్కడ నిలుస్తుంది? : తాత్కాలిక ఫైళ్ల చరిత్ర – పునరుద్ధరణ పద్ధతులు

వ్యాససంగ్రహం: రచయిత సేవ్ చేయకముందే వర్డ్ ప్రాసెసర్ ఆగిపోతే ఆ పాఠం ఏమవుతుందన్నది, ప్రోగ్రామును రూపొందించినవారు తాత్కాలిక ఫైలును ఎందుకు సృష్టించారు, ఎప్పుడు తొలగించాలని నిర్ణయించారు అన్న రెండు విషయాలపై ఆధారపడి ఉంటుంది. 1970ల నాటి యూనిక్స్ ఎడిటర్ల నుంచి నేటి మైక్రోసాఫ్ట్ వర్డ్ వరకు ఈ నిర్ణయాలు మారిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ చరిత్ర వెలుగులో ఒక సిద్ధాంత గ్రంథ అధ్యాయాన్ని తిరిగి రాబట్టే క్రమాన్ని, తెలుగు పాఠం విషయంలో ఎదురయ్యే ప్రత్యేక సమస్యను వివరిస్తుంది.

కీలక పదాలు: తాత్కాలిక ఫైలు, ఆటోసేవ్, పునరుద్ధరణ, వి ఎడిటర్, వర్డ్‌స్టార్, మైక్రోసాఫ్ట్ వర్డ్, తెలుగు ఫాంట్లు.

1.0 ఉపోద్ఘాతం

కంప్యూటర్‌లో రాస్తున్న పాఠానికి సాధారణంగా రెండు స్థానాలు ఉంటాయి. మొదటిది మెమరీ. విద్యుత్తు ఉన్నంతవరకే అందులోని పాఠం నిలుస్తుంది. రెండవది డిస్కు. విద్యుత్తు పోయినా అందులోని పాఠం చెరగదు. సేవ్ చేయడమంటే మెమరీలోని పాఠాన్ని డిస్కుకు చేర్చడం. ఒక సేవ్‌కూ మరుసటి సేవ్‌కూ మధ్య రాసినదంతా మెమరీలో మాత్రమే ఉంటుందనీ, ప్రోగ్రాము ఆగిపోతే అది పూర్తిగా పోతుందనీ చాలామంది భావిస్తారు. ఈ భావన పాక్షికంగానే సరైనది. చాలా ప్రోగ్రాములు రచయితకు తెలియకుండానే ఆ మధ్యకాలపు పాఠాన్ని డిస్కులో మరొకచోట, మరొక పేరుతో ఉంచుతాయి. అదే తాత్కాలిక ఫైలు.

తాత్కాలిక ఫైలు అన్ని కాలాల్లోనూ ఒకే ప్రయోజనం కోసం పుట్టలేదు. తొలినాళ్లలో అది మెమరీ చాలకపోవడం వల్ల వచ్చింది. తరువాతి కాలంలో ప్రమాదం నుంచి రక్షణగా వచ్చింది. ఈ భేదం తెలిసినవారికి, ఏ ప్రమాదం తరువాత ఏ ఫైలు మిగులుతుందో, ఎక్కడ వెతకాలో, ఎక్కడ వెతకడం వృథాయో అర్థమవుతుంది. ఆ భేదాన్ని చారిత్రక క్రమంలో నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

2.0 మెమరీ చాలని కాలం : యూనిక్స్ ఎడిటర్లు

1970లలో యూనిక్స్ ఎక్కువగా నడిచిన పీడీపీ-11 యంత్రాల్లో ఒక ప్రోగ్రాము ఒకేసారి చూడగలిగిన మెమరీ పరిధి 64 కిలోబైట్లు. ఎడిటర్ ప్రోగ్రామూ, అది దిద్దుతున్న పాఠమూ కలిసి అందులో ఇమిడే అవకాశం తక్కువ. అందువల్ల కెన్ థాంప్సన్ రాసిన ed ఎడిటర్ పాఠాన్ని మెమరీలో కాక /tmp అనే డైరెక్టరీలోని ఒక ఫైలులో ఉంచి, కావలసిన భాగాన్ని మాత్రమే మెమరీలోకి తెచ్చుకునేది. ఇక్కడ తాత్కాలిక ఫైలు రక్షణ కోసం చేసిన ఏర్పాటు కాదు. ఎడిటర్ పనిచేయడానికి తప్పనిసరి అయిన పని బల్ల.

బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ రూపొందించిన ex, vi ఎడిటర్లు కూడా ఇదే పద్ధతిని అనుసరించాయి. అయితే ఆ కాలపు పరిస్థితి ఒకటి వీటిపై ప్రభావం చూపింది. రచయిత కూర్చున్న టెర్మినల్ ఒకచోట, కంప్యూటర్ మరొకచోట ఉండేవి. ఇంటి నుంచి పనిచేసేవారు టెలిఫోన్ లైను ద్వారా, 300 బాడ్ వేగంగల మోడెమ్‌తో కంప్యూటర్‌ను చేరేవారు. లైను తెగితే కంప్యూటర్‌కు ఏమీ కాదు. రాస్తున్న వ్యక్తి మాత్రం కనబడకుండా పోతాడు. అప్పుడు యూనిక్స్ ఎడిటర్‌కు ‘లైను తెగింది’ అన్న సంకేతాన్ని పంపుతుంది. ed ఆ సంకేతం అందగానే తన దగ్గరున్న పాఠాన్ని ed.hup అనే పేరుతో రాసి ముగుస్తుంది. vi తన పని ఫైలును ఒక ప్రత్యేక ప్రోగ్రాము సాయంతో /usr/preserve డైరెక్టరీకి తరలించి, ఆ సంగతిని రచయితకు ఉత్తరం ద్వారా తెలియజేస్తుంది. రచయిత తిరిగి వచ్చి ఈ ఆదేశాలు ఇస్తే చాలు:

```
vi -r
vi -r adhyayam3
```

మొదటి ఆదేశం భద్రపరచిన ఫైళ్ల జాబితాను చూపుతుంది. రెండవది పేర్కొన్న ఫైలును తెరుస్తుంది.

కంప్యూటరే ఆగిపోతే సంకేతం పంపే అవకాశం ఉండదు. అప్పుడు పని ఫైలు /tmp లోనే పడి ఉంటుంది. కానీ యంత్రం తిరిగి లేచేటప్పుడు /tmp ను ఖాళీ చేయడం ఆనవాయితీ. అంటే పాఠాన్ని కాపాడిన ఫైలును యంత్రమే ప్రారంభంలో చెరిపేసే ప్రమాదం ఉంది. 1983 నాటి 4.2 బీఎస్‌డీలో ప్రారంభ ఆదేశాలున్న rc ఫైలు ఈ సమస్యను కేవలం వరుసక్రమంతో పరిష్కరించింది. యంత్రం లేచేటప్పుడు తెరపై ముందు preserving editor files అని, ఆ తరువాతనే clearing /tmp అని కనబడేది. ఎడిటర్ ఫైళ్లను ఏరి భద్రపరచిన తరువాతే మిగిలినవాటిని తుడిచేవారు. ఈ రెండు పంక్తులు తారుమారైతే ఎన్ని గంటల రాతైనా మిగలదు. పని బల్లగా పుట్టిన ఫైలు రక్షణ సాధనంగా మారిన సందర్భాన్ని ఈ వరుసలో స్పష్టంగా చూడవచ్చు.

ఈ ఏర్పాటుకు మూల్యం కూడా ఉంది. ఇతరుల ఫైళ్లను తరలించడానికి భద్రపరచే ప్రోగ్రాముకు సర్వాధికారాలు ఇవ్వవలసి వచ్చింది. సన్ఓఎస్‌లోని expreserve ప్రోగ్రాములో ఉన్న లోపం ద్వారా సాధారణ వినియోగదారు సర్వాధికారాలు పొందగలడని 1993లో సెర్ట్ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. తరువాతి కాలపు విమ్ వంటి ఎడిటర్లు పని ఫైలును రచయిత సొంత డైరెక్టరీలోనే, అసలు ఫైలు పక్కనే .swp అన్న తోకతో ఉంచుతాయి. దీనివల్ల మధ్యవర్తి ప్రోగ్రాము అవసరమూ, /tmp ను తుడిచే భయమూ రెండూ తప్పాయి.

3.0 వ్యక్తిగత కంప్యూటర్లలో : వర్డ్‌స్టార్

1978లో వెలువడిన వర్డ్‌స్టార్ కూడా చిన్న మెమరీ యంత్రాల కోసం రూపొందినదే. పెద్ద పాఠాన్ని తెరిచినప్పుడు అది పాత ఫైలు నుంచి కొంతకొంతగా చదువుతూ, దిద్దిన భాగాన్ని .$$$ తోక గల తాత్కాలిక ఫైలులోకి పంపేది. రచయిత సేవ్ చేసినప్పుడు ఆ ఫైలు పూర్తయి అసలు పేరును పొందేది, పాత ఫైలు.BAK అన్న తోకతో మిగిలేది. కొత్త ప్రతి పూర్తిగా సిద్ధమయ్యేదాకా పాత ప్రతిని ముట్టకపోవడం ఇందులోని ముఖ్య సూత్రం. కనుక మధ్యలో విద్యుత్తు పోయినా గతసారి సేవ్ చేసిన పాఠం చెక్కుచెదరదు.

మరి దిద్దుతున్న పాఠం సంగతేమిటి? డాస్ వ్యవస్థలో ఒక ఫైలును సక్రమంగా మూసినప్పుడే దాని పరిమాణం డైరెక్టరీలో నమోదవుతుంది. మధ్యలో యంత్రం ఆగితే .$$$ ఫైలు పరిమాణం సున్నాగా కనబడవచ్చు. అంతమాత్రాన రాసినది డిస్కులో లేదని కాదు. అది ఏ ఫైలుకూ చెందని అనాథ ఖండాలుగా మిగిలి ఉంటుంది. CHKDSK /F ఆదేశం అటువంటి ఖండాలను ఏరి, FILE0000.CHK, FILE0001.CHK వంటి పేర్లతో మూల డైరెక్టరీలో ఉంచేది. వాటిని తెరిచి చూస్తే పదాలు చాలావరకు కనిపించేవి గాని, అనేక పదాల చివరి అక్షరం వింత గుర్తుగా మారి ఉండేది. వర్డ్‌స్టార్ తన సొంత అవసరం కోసం పదాంతాక్షరాల సంకేతంలో అదనపు బిట్‌ను చేర్చేది. ఆ సంగతి తెలియనివారు ఫైలు పాడైందని అనుకునేవారు. దొరికిన పాఠం చదవలేని స్థితిలో కనిపించడం వేరు, పాఠమే నశించడం వేరు. తెలుగు విషయంలో ఈ భేదం మరింత ముఖ్యమని 6.0లో చూస్తాం.

4.0 మెమరీ పెరిగాక : గడియారం చేతి నకలు

మెమరీ చవకయ్యాక మొత్తం పాఠాన్ని అందులోనే ఉంచడం సాధ్యమైంది. ఎడిటర్ వేగం పెరిగింది; కానీ డిస్కులో సహజంగా ఉండే పని ఫైలు అవసరం తగ్గింది. అంతకుముందు ఉపఫలంగా లభించిన రక్షణను ఇప్పుడు ప్రత్యేకంగా నిర్మించుకోవలసి వచ్చింది.

1985లో విడుదలైన గ్నూ ఈమాక్స్ ఇందుకు మంచి ఉదాహరణ. దాని సహజ అమరికలో సుమారు 300 మీటలు నొక్కిన ప్రతిసారీ, అలాగే రచయిత కొంతసేపు ఆగినప్పుడు, పాఠం నకలు #adhyayam3# వంటి పేరుతో అసలు ఫైలు పక్కనే చేరుతుంది. అసలు ఫైలు మారదు. ప్రమాదం తరువాత అసలు ఫైలును తెరిస్తే, ఆటోసేవ్ నకలు ఉన్నదని ఈమాక్స్ హెచ్చరిస్తుంది. M-x recover-this-file అన్న ఆదేశంతో నకలులోని పాఠాన్ని తెచ్చుకోవచ్చు. ఇక్కడ కొలమానం మీటల సంఖ్య. ఎక్కువ రాసినకొద్దీ ఎక్కువసార్లు నకలు తీస్తుంది కనుక నష్టానికి ఒక పరిమితి ఉంటుంది.

మైక్రోసాఫ్ట్ వర్డ్ గడియారాన్ని కొలమానంగా ఎంచుకుంది. 1990ల కూర్పుల నుంచి నేటి దాకా దాని ప్రసిద్ధ అమరిక పది నిమిషాలు. ప్రతి పది నిమిషాలకూ, పాఠంలో మార్పు ఉంటే, .asd తోక గల నకలును వేరే ఫోల్డరులో రాస్తుంది. దీన్ని ఆటోరికవర్ అంటారు. ఇది సేవ్ కాదు. అసలు ఫైలు జోలికి పోదు. వేగంగా టైపు చేసేవారు పది నిమిషాల్లో ఒక పుట రాయగలరు. ఆ పుట పోవడం ఈ పద్ధతి సహజ పరిమితి. File > Options > Save లో ఆ వ్యవధిని ఒక నిమిషం దాకా తగ్గించుకోవచ్చు.

వర్డ్ సేవ్ చేసే తీరు మాత్రం వర్డ్‌స్టార్ సూత్రానికి దగ్గరగానే ఉంది. ముందు కొత్త పాఠంతో ఒక తాత్కాలిక ఫైలును అదే ఫోల్డరులో నిర్మిస్తుంది. అది పూర్తయ్యాక పాత ఫైలును తప్పించి, కొత్తదానికి అసలు పేరు పెడుతుంది. ~WRD, ~WRL అని మొదలై .tmp తో ముగిసే పేర్లు ఈ మార్పిడి సమయంలో కనబడేవే. సేవ్ జరుగుతుండగానే యంత్రం ఆగితే అసలు పేరుతో ఫైలు కనబడకపోవచ్చు; అప్పుడు పాఠం ఈ .tmp ఫైళ్లలో ఉండే అవకాశం ఎక్కువ.

4.1 సక్రమ మూసివేత – చెరిగే నకలు

పైన చెప్పిన పద్ధతుల్లో చాలావాటికి ఒక సమాన లక్షణం ఉంది. రచయిత ప్రోగ్రామును సక్రమంగా మూస్తే తాత్కాలిక ఫైలు తొలగిపోతుంది. ప్రోగ్రాము అర్ధాంతరంగా ఆగితేనే అది మిగులుతుంది. తరువాతిసారి ప్రోగ్రాము తెరిచినప్పుడు ఆ మిగులు ఫైలు ఉండటమే ప్రమాదం జరిగిందనడానికి గుర్తు. 2001 నాటి ఆఫీస్ ఎక్స్‌పీ నుంచి ఎడమవైపు కనబడే Document Recovery పట్టిక ఇటువంటి మిగులు ఫైళ్ల జాబితాయే.

దీని ఫలితం మొదట విచిత్రంగా తోస్తుంది. విద్యుత్తు పోయినవారి పాఠం చాలావరకు దక్కుతుంది, ‘సేవ్ చేయాలా?’ అన్న ప్రశ్నకు తొందరలో ‘వద్దు’ అని నొక్కినవారి పాఠం పూర్తిగా పోతుంది. రెండవ సందర్భంలో ప్రోగ్రాము దృష్టిలో ప్రమాదమే జరగలేదు. రచయిత ఆజ్ఞను అది పాటించింది. ఈ లోటును ఆఫీస్ 2010 కొంత సవరించింది. సేవ్ చేయకుండా మూసినా చివరి ఆటోరికవర్ నకలును ఉంచే ఐచ్ఛికాన్ని చేర్చింది. ఎన్నడూ సేవ్ చేయని కొత్త పత్రమైతే దాని నకలు ఈ ఫోల్డరులో నాలుగు రోజులు ఉంటుంది:

```
%LocalAppData%\Microsoft\Office\UnsavedFiles
```

పత్రం తెరిచి ఆటోరికవర్ వ్యవధి ఒక్కసారైనా గడవకముందే మూసేస్తే అక్కడ ఏ నకలూ ఉండదు. ఈ ఫోల్డరు ఖాళీగా కనబడటానికి తరచు కారణం ఇదే.

5.0 ఒక అధ్యాయం తిరిగి దొరికే క్రమం

ఈ చరిత్ర ఆచరణలో ఎలా ఉపయోగపడుతుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. ఒక పరిశోధకురాలు తన సిద్ధాంత గ్రంథంలోని మూడవ అధ్యాయాన్ని adhyayam3.docx అన్న ఫైలులో ఉదయం 10.00 గంటలకు తెరిచింది. 10.12కు సేవ్ చేసింది. ఆటోరికవర్ వ్యవధి పది నిమిషాలు. 10.37కు విద్యుత్తు పోయింది.

మళ్లీ యంత్రం లేచాక డిస్కులో మూడు ఫైళ్లు ఉండే అవకాశం ఉంది. మొదటిది అసలు ఫైలు, అందులో 10.12 నాటి పాఠం ఉంటుంది. రెండవది .asd నకలు, దాని సమయం 10.31 అనుకుందాం. మూడవది, అసలు ఫైలు పక్కనే దాగి ఉండే ~$hyayam3.docx. ఈ మూడవది చాలామందిని మోసగిస్తుంది. పేరు చూసి అదే తాత్కాలిక ప్రతి అనుకుంటారు. నిజానికి ఆ ఫైలును ఎవరు తెరిచారో తెలిపే గుర్తు మాత్రమే అందులో ఉంటుంది. పరిమాణం సాధారణంగా 162 బైట్లు. అందులో పాఠం ఒక్క పంక్తి కూడా ఉండదు. దాన్ని ఏ సాధనంతో తెరిచినా ప్రయోజనం లేదు.

మొదట చేయవలసినది వర్డ్‌ను తెరవడం కాదు. అసలు ఫైలునూ, .asd నకలునూ వేరొక ఫోల్డరులోకి లేదా పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి. .asd ఫైళ్లు ఉండే సాధారణ స్థానం ఇది:

```
%AppData%\Microsoft\Word
```

ఈ జాగ్రత్తకు కారణం 4.1లో చెప్పినదే. వర్డ్‌ను తెరిచి, పునరుద్ధరణ పట్టికను గమనించక మూసేస్తే, అది సక్రమ మూసివేతగా లెక్కకు వచ్చి నకలు తొలగిపోవచ్చు. ప్రమాదం నుంచి బయటపడిన పాఠం ఇలా రెండవ మెట్టులో పోతుంది.

తరువాత వర్డ్‌ను తెరిస్తే Document Recovery పట్టికలో రెండు ప్రతులు కనబడతాయి. వాటి పక్కన ఉన్న సమయాలను చూడాలి. 10.31 నాటి ప్రతిని తెరిచి, వెంటనే Save As ద్వారా adhyayam3_1031.docx వంటి కొత్త పేరుతో దాచుకోవాలి. అసలు పేరు మీద సేవ్ చేయకూడదు. పునరుద్ధరించిన ప్రతిలో పేరాలు తెగిపోయినా, అధోజ్ఞాపికలు లోపించినా, సరిచూసుకోవడానికి 10.12 నాటి ప్రతి చేతిలో ఉండాలి. విమ్ ఎడిటర్ సూచన పత్రం కూడా ఇదే క్రమాన్ని చెబుతుంది: కోలుకున్న పాఠాన్ని వేరే పేరుతో రాసి, అసలుతో పోల్చి, ఆ తరువాతే .swp ఫైలును తొలగించాలి.

పోల్చడానికి వర్డ్‌లో Review > Compare అన్న సదుపాయం ఉంది. 10.12 ప్రతిని పాతదిగా, 10.31 ప్రతిని కొత్తదిగా ఇస్తే తేడాలన్నీ రంగుల్లో కనబడతాయి. పరిష్కర్తలు రెండు తాళపత్ర ప్రతులను పక్కపక్కన ఉంచి పాఠభేదాలు గుర్తించినట్టే ఇది కూడా. ఒక తేడా ఉంది: ఇక్కడ ఏ ప్రతి ముందుదో సమయం కచ్చితంగా చెబుతుంది. అయినా తరువాతి ప్రతే ప్రమాణమని ముందే తీర్మానించకూడదు. నకలు తీసిన క్షణానికి రచయిత ఒక పేరాను కత్తిరించి, మరొకచోట ఇంకా అతికించకపోతే ఆ పేరా కొత్త ప్రతిలో ఉండదు. పాత ప్రతిలోనే దొరుకుతుంది. 10.31 నుంచి 10.37 వరకు రాసిన ఆరు నిమిషాల పాఠం మాత్రం ఎక్కడా లేదు. దాన్ని జ్ఞాపకం చెదరకముందే తిరిగి రాసుకోవడమే మార్గం.

.asd నకలు కనబడకపోతే అసలు ఫోల్డరులోనూ, %Temp% లోనూ ఆనాటి తేదీతో, .tmp తోకతో ఉన్న ఫైళ్లను వెతకాలి. దొరికిన ఫైలు వర్డ్ పత్రమో కాదో గుర్తించడానికి పేరు కన్నా మొదటి బైట్లు నమ్మదగిన ఆధారం. నోట్‌ప్యాడ్‌లో తెరిచినప్పుడు మొదట PK అన్న రెండక్షరాలు ఉంటే అది .docx తరహా జిప్ పొట్లం కావచ్చు, దాని నకలుకు.docx తోక తగిలించి తెరవడానికి ప్రయత్నించవచ్చు. పరిమాణం సరిగానే ఉండి, లోపలంతా ఖాళీగా, అంటే సున్నా బైట్లతో నిండి ఉంటే, విద్యుత్తు పోయే క్షణానికి ఫైలుకు స్థలం కేటాయింపు జరిగింది గాని పాఠం డిస్కును చేరలేదని అర్థం. అటువంటి ఫైలును ఏ మరమ్మతు సాధనమూ బాగుచేయలేదు. ఎందుకంటే అందులో బాగుచేయడానికి ఏమీ లేదు.

6.0 తెలుగు పాఠానికి ఉన్న ప్రత్యేక సమస్య

తెలుగు యూనికోడ్‌లో 1991 నాటి మొదటి కూర్పు నుంచీ ఉంది. అయినా తెలుగు ముద్రణ రంగం, దానితోపాటు సిద్ధాంత గ్రంథాల టైపింగు, చాలాకాలం అను వంటి ఫాంట్ల మీదనే నడిచాయి. ఈ ఫాంట్లలో ఫైలులో నిలిచేవి తెలుగు అక్షరాల సంకేతాలు కావు. రోమన్ అక్షరాలకూ గుర్తులకూ చెందిన సంకేతాలే ఫైలులో ఉంటాయి. ఫాంటు వాటిని తెలుగు అక్షర ఖండాల రూపంలో చూపుతుంది. అంటే ఆ పాఠం తెలుగు అన్న సమాచారం అక్షరాల్లో లేదు. ఫాంటు పేరులో మాత్రమే ఉంది.

పాడైన పత్రాన్ని చివరి ప్రయత్నంగా తెరవడానికి వర్డ్ పాత కూర్పుల్లోని Open పెట్టెలో Recover Text from Any File అన్న ఐచ్ఛికం ఉంది. అది అక్షరాలను మాత్రమే రాబట్టి, ఫాంటు, పరిమాణం, బొమ్మల వంటి అలంకరణను వదిలేస్తుంది. ఇంగ్లీషు పాఠానికి అలంకరణ పోవడం చిన్న నష్టం. అను ఫాంటులో టైపు చేసిన తెలుగుకు అలంకరణ పోవడమంటే భాషే పోయినట్టు కనబడటం. తెరపై అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు బారులు తీరుతాయి. దాన్ని చూసి ఫైలు నశించిందని తొలగించడం తొందరపాటు. ఆ పాఠాన్ని ఎంచుకుని, మొదట టైపు చేసిన అదే ఫాంటును మళ్లీ వర్తింపజేస్తే తెలుగు తిరిగి కనబడుతుంది. ఒక చిక్కు మాత్రం మిగులుతుంది: పాఠం మధ్యలో ఉన్న ఇంగ్లీషు పదాలు, గ్రంథసూచికలోని రోమన్ పేర్లు ఈసారి అర్థంలేని తెలుగు ఖండాలుగా మారతాయి. వాటిని ఒక్కొక్కటిగా గుర్తించి వేరే ఫాంటుకు మార్చాలి. అందుకే రోమన్ రూపంలోని పచ్చి పాఠాన్ని కూడా ఒక నకలుగా దాచుకోవాలి.

యూనికోడ్ పాఠం విషయంలో పరిస్థితి దీనికి తలకిందులు. ఫాంటు పోయినా అక్షరం తెలుగుగానే నిలుస్తుంది. కానీ డిస్కు ఖండాల నుంచి పాఠాన్ని వెలికితీసే కొన్ని సాధనాలు రోమన్ అక్షరాల వరుసలనే పాఠంగా గుర్తిస్తాయి. యూనిక్స్‌లోని strings ఆదేశం సహజంగా అంతే. అది తెలుగు పుటను పూర్తిగా దాటేసి, మధ్యలోని ఇంగ్లీషు పదాలను మాత్రమే చూపవచ్చు. కనుక సాధనం ‘పాఠం లేదు’ అన్నంత మాత్రాన తెలుగు పాఠం లేదని నిర్ధారించలేం. పైగా .docx ఫైలులో పాఠం కుదించిన రూపంలో ఉంటుంది. జిప్ పొట్లాన్ని విప్పి, లోపలి word/document.xml ను చూసినప్పుడే అక్షరాలు కనబడతాయి. నకలుకు .zip తోక పెట్టి తెరిచినా, పొట్లం చివరి భాగం తెగిపోయి ఉంటే సాధారణ పద్ధతిలో అది విప్పుకోదు. అటువంటి తెగిన పొట్లం నుంచి పాఠం రాబట్టడానికి జిప్ మరమ్మతు సాధనాలు అవసరమవుతాయి. తెగిన చోటికి ముందున్న భాగం వరకే ఆశ పెట్టుకోవాలి.

7.0 ఆటోసేవ్ అర్థం మారిన తీరు

గత పదిహేనేళ్లలో ‘ఆటోసేవ్’ అన్న పదానికి అర్థం మారింది. ఈమాక్స్‌లో ఆటోసేవ్ అంటే అసలును ముట్టని నకలు. గూగుల్ డాక్స్‌లోనూ, 2011లో వెలువడిన మ్యాక్ ఓఎస్ ఎక్స్ లయన్‌లోనూ అది రచయిత మార్పులను అసలు పత్రంలోకే చేర్చడం. 2017 నుంచి వర్డ్‌లో కనబడే AutoSave మీట కూడా ఈ రెండవ అర్థంలోనిదే. అయితే అది వన్‌డ్రైవ్, షేర్‌పాయింట్‌లలో ఉన్న ఫైళ్లకే పనిచేస్తుంది. సొంత డిస్కులోని ఫైలుకు ఆ మీట అండగా ఉండదు. అక్కడ పాత ఆటోరికవరే దిక్కు. ఈ రెంటినీ ఒకటిగా భావించి, తెరపై AutoSave అన్న మాట కనబడింది కనుక సేవ్ చేయనక్కరలేదని అనుకునేవారు 10.37కు పోయిన పాఠాన్ని ఎక్కడ వెతకాలో తెలియక ఇబ్బంది పడతారు.

కొత్త పద్ధతిలో సేవ్ చేయని పాఠం అన్న సమస్య చాలావరకు తొలగింది. దాని స్థానంలో మరొకటి వచ్చింది. పొరపాటున తుడిచిన పుట కూడా క్షణాల్లో అసలు పత్రంలో భాగమైపోతుంది. సేవ్ చేయకుండా మూసి పాత పాఠానికి వెళ్లే దారి మూసుకుపోతుంది. అందువల్లనే ఈ వ్యవస్థలన్నీ పాత కూర్పుల చరిత్రను కూడా దాస్తాయి. వర్డ్‌లో File > Info > Version History ద్వారా సమయాలవారీగా పాత ప్రతులను తెరవవచ్చు. వర్డ్‌స్టార్ .BAK ఫైలు ఒకే ఒక పాత ప్రతిని ఉంచేది; నేటి కూర్పుల చరిత్ర అదే సూత్రాన్ని అనేక ప్రతులకు విస్తరించింది.

8.0 ఉపసంహారం

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, తాత్కాలిక ఫైలు మొదట మెమరీ కొరతకు సమాధానంగా పుట్టి, మెమరీ పెరిగాక గడియారం ఆధారంగా తీసే నకలుగా పునర్జన్మ పొందింది. అందుకే పాత ఎడిటర్లలో పని ఫైలే పాఠానికి నెలవు కాగా, నేటి వర్డ్‌లో చివరి నకలు తీసిన సమయమే పునరుద్ధరణకు హద్దు. రెండు, తాత్కాలిక ఫైలు ప్రమాదంలో మిగులుతుంది, సక్రమ మూసివేతలో చెరుగుతుంది. 4.2 బీఎస్‌డీ ప్రారంభ ఆదేశాలలోని వరుసక్రమమూ, వర్డ్ తెరవకముందే .asd ఫైలును కాపీ చేసుకోవాలన్న జాగ్రత్తా ఒకే సత్యం నుంచి వచ్చినవి: తుడిచే చర్యకు ముందే ఏరుకోవాలి. మూడు, తెలుగు పాఠం విషయంలో చదవలేని ఫైలును నశించిన ఫైలుగా భావించకూడదు. అది ఏ సంకేత పద్ధతిలో టైపు అయిందో తెలుసుకున్నాకే తీర్పు చెప్పాలి. ఈ కారణంగా సిద్ధాంత గ్రంథం టైపు చేయించేటప్పుడు ఏ ఫాంటు, ఏ కూర్పు వాడారో ఒక కాగితం మీద రాసి ఉంచుకోవడం పునరుద్ధరణలో తొలి ఆధారమవుతుంది.